గరాటులో ఖాళీ మూల

1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం గుండె వైద్యుల్లో పెద్ద ఆశ రేపింది. గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చిన రోగికి నరం ద్వారా మెగ్నీషియం ఎక్కిస్తే ప్రాణాలు దక్కే అవకాశం బాగా పెరుగుతుందని దాని సారాంశం. అప్పటికి వేర్వేరు చోట్ల జరిగిన ఏడు చిన్న పరీక్షల లెక్కలను కూన్ టియో, సలీం యూసుఫ్ తదితరులు ఒకచోట చేర్చి కూడారు. మొత్తం రోగులు 1301 మంది. మెగ్నీషియం అందుకున్న 657 మందిలో 25 మంది చనిపోయారు. అందుకోని 644 మందిలో 53 మంది చనిపోయారు. అంటే మరణాలు సగానికి పైగా తగ్గినట్టే. సలీం యూసుఫ్ కేరళలో పుట్టి, బెంగళూరులో వైద్యం చదివి, హృద్రోగ పరిశోధనలో ప్రపంచమంతా ఎరిగిన పేరు తెచ్చుకున్న మనిషి. మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎక్కడా దొరకని మందేమీ కాదు. గర్భిణులకు రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల ప్రసూతి వార్డుల్లో వాడేది అదే. అంత చవకైన మందు గుండెపోటు మరణాలను సగం చేస్తుందంటే ఎవరికి సంతోషం కాదు?

మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 2316 మందిపై జరిగిన లిమిట్-2 అనే పరీక్ష ఫలితం వచ్చింది. మరణాలు 10.3 శాతం నుంచి 7.8 శాతానికి తగ్గాయి. మొదటి లెక్కంత గొప్పగా లేకపోయినా మేలైతే కనబడింది. 1993లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన సంపాదకీయం శీర్షికలోనే ఈ చికిత్సను ఫలవంతమైనది, సురక్షితమైనది, సులువైనది, చవకైనది అని మెచ్చుకుంది.

1995లో ఐసిస్-4 పరీక్ష ఫలితం లాన్సెట్‌లో అచ్చయింది. వెయ్యికి పైగా ఆసుపత్రుల్లో 58,050 మంది రోగులపై జరిగిన పరీక్ష అది. అయిదు వారాల్లో మెగ్నీషియం అందుకున్న వైపు 2216 మంది, అందుకోని వైపు 2103 మంది చనిపోయారు. మేలు లేదు సరికదా, మరణాలు మందు వైపే ఓ పిసరు ఎక్కువ. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి మందు కీడు చేసిందని చెప్పలేం. మేలు చేసిందని మాత్రం ఎంతమాత్రం చెప్పలేం.

ఏడు పరీక్షలను కూడినప్పుడు లెక్క తప్పిందా? తప్పలేదు. కూడికలో ఏ దోషమూ లేదు. కూడటానికి చేతికి ఏ అధ్యయనాలు అందాయి, ఏవి అందలేదు అన్న చోటే అసలు కథంతా ఉంది.

ఒకే ప్రశ్నపై వేర్వేరుగా జరిగిన పరీక్షల ఫలితాలను, వాటి పరిమాణాన్ని బట్టి బరువు ఇచ్చి, ఒక్క అంకెగా తేల్చడాన్ని మెటా ఎనాలిసిస్ అంటారు. పెద్ద పరీక్షకు ఎక్కువ బరువు, చిన్నదానికి తక్కువ. ఏ ఒక్క చిన్న పరీక్షా తేల్చలేనిదాన్ని పది కలిసి తేల్చగలవన్నది దీని వెనకున్న ఆలోచన. అది సరైన ఆలోచనే. కాకపోతే జరిగిన పరీక్షలన్నీ, లేదా కనీసం వాటికి నిజమైన ప్రతినిధులు, చేతికి వచ్చినప్పుడే అది పనిచేస్తుంది.

రాకపోతే ఏమవుతుందో ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. ఏ ప్రభావమూ లేని మందు ఒకటుందనుకోండి. పది ఆసుపత్రులు దాన్ని తలా వంద మందిపై పరీక్షించాయి. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్. ఆ జబ్బుతో వందకు ఎనిమిది మంది చనిపోతారనుకుంటే ప్రతి యాభై మందిలో నలుగురు పోవాలి. అయితే ఇంత చిన్న గుంపుల్లో అంకె అంత కచ్చితంగా రాదు. నాలుగు ఆసుపత్రుల్లో రెండు వైపులా నలుగురు చొప్పున పోయారు. మూడింట్లో మందు వైపు ఇద్దరు, సెలైన్ వైపు ఆరుగురు పోయారు. మిగిలిన మూడింట్లో సరిగ్గా తారుమారైంది. పదీ కూడితే రెండు వైపులా నలభై మంది చొప్పున తేలతారు. మందుకు ప్రభావం లేదన్న నిజం బయటపడుతుంది.

ఇప్పుడు మందు బాగా పనిచేసినట్టు కనబడిన మూడూ అచ్చయ్యాయనుకుందాం. తేడా కనబడని నాలుగింట్లో రెండే అచ్చయ్యాయి. మందు వైపే ఎక్కువ మంది పోయిన మూడూ బయటికి రానేలేదు. పత్రికలు వెతికిన మనిషికి అయిదు పరీక్షలు దొరుకుతాయి. మందు వైపు 250 మందిలో 14 మరణాలు, సెలైన్ వైపు 250 మందిలో 26. ఏమీ చేయని మందు మరణాలను దాదాపు సగానికి తగ్గించినట్టు లెక్క తేలింది! ఇందులో ఎవరూ అంకెలు దిద్దలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. అచ్చయిన అయిదు వ్యాసాల్లో ప్రతి అక్షరమూ నిజమే.

ప్రచురణ పక్షపాతం అంటే ఇదే. తిరస్కరించే సంపాదకుల మీదే ఈ నింద మోపడం మామూలుగా జరుగుతుంది. కానీ ఎక్కువ సందర్భాల్లో వ్యాసం పత్రిక దాకా వెళ్లదు. తేడా ఏమీ రాలేదని తెలిశాక పరిశోధకుడికే రాయాలన్న ఉత్సాహం ఉండదు. కొన్నిసార్లు డబ్బు పెట్టిన కంపెనీకే అది బయటపడటం ఇష్టముండదు. అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ రోసెంతాల్ 1979లోనే దీనికి సొరుగు సమస్య అని పేరు పెట్టాడు.

ఈ సొరుగులో ఎంత మిగిలిపోతుందో కొలవడం సాధారణంగా సాధ్యం కాదు. కనబడనిదాన్ని లెక్కపెట్టేదెలా? డిప్రెషన్ మందుల విషయంలో మాత్రం ఒక దారి దొరికింది. మందుకు అనుమతి కావాలంటే కంపెనీలు తమ పరీక్షల ఫలితాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇవ్వాలి. ఎరిక్ టర్నర్, ఆయన సహచరులు ఆ దస్త్రాలను తీసి, పత్రికల్లో అచ్చయినవాటితో పోల్చి 2008లో ప్రకటించారు. ఎఫ్‌డీఏ దగ్గరున్న అధ్యయనాలు 74. మందుకు అనుకూలంగా ఉన్నాయని ఆ సంస్థ తేల్చినవి 38. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ అచ్చయ్యాయి. అనుకూలం కానివి, సందేహాస్పదమైనవి 36. వాటిలో 22 అచ్చే కాలేదు. 11 అచ్చయ్యాయి గానీ మందు పనిచేసిందనిపించేలా రాశారు. ఉన్నది ఉన్నట్టు వచ్చినవి మూడే. పత్రికలు మాత్రమే చదివిన డాక్టర్‌కు నూటికి 94 పరీక్షలు మందుకు అనుకూలమనిపిస్తే, దస్త్రాలు చూసినవారికి ఆ అంకె 51.

అన్ని విషయాల్లోనూ ఇలాంటి దస్త్రాలు చేతికందవు. అప్పుడు అచ్చయిన అధ్యయనాల తీరును బట్టే అచ్చు కానివాటి జాడ పసిగట్టాలి. అందుకు వాడేదే ఫన్నెల్ ప్లాట్, గరాటు చిత్రం. 1984లో రిచర్డ్ లైట్, డేవిడ్ పిల్లెమర్ తమ పుస్తకంలో దీన్ని ప్రతిపాదించారు. గీయడం కష్టం కాదు. ప్రతి అధ్యయనం ఒక చుక్క. అడ్డంగా ఫలితం, అంటే మందు ఎంత మేలు లేదా కీడు చేసిందన్నది. నిలువుగా ఆ ఫలితం ఎంత నికరమైనదన్నది. పెద్ద అధ్యయనాలు పైన, చిన్నవి కింద. పెద్దవాటిలో యాదృచ్ఛికత ఆటలు సాగవు కాబట్టి అవి పైన నిజమైన విలువ దగ్గరే గుమిగూడుతాయి. చిన్నవి పైన మన ఉదాహరణలో లాగా అటూ ఇటూ ఎగురుతాయి కాబట్టి కింద వెడల్పుగా చెదిరి ఉంటాయి. మొత్తం చూస్తే గరాటును బోర్లించినట్టు ఉంటుంది.

కింది భాగం రెండు వైపులా సమానంగా నిండి ఉంటే అది సౌష్ఠవం. మేలు ఎడమ వైపు ఉండేలా గీసిన చిత్రంలో కింద ఎడమ మూల నిండుగా ఉండి, కుడి మూల ఖాళీగా ఉంటే అనుమానించాలి. మందు పనిచేయని, లేదా కీడు చేసినట్టు కనబడిన చిన్న అధ్యయనాలు ఉండవలసిన చోటు అదే. అవి జరగకుండా ఎలా ఉంటాయి? యాదృచ్ఛికత ఎప్పుడూ ఒకే వైపు మొగ్గదు కదా.

కంటితో చూసి చెప్పడం నమ్మదగిన పని కాదని పరిశోధకులు పరీక్షించి మరీ తేల్చారు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో వైద్య పరిశోధకులకు రకరకాల గరాటు చిత్రాలు చూపి, పక్షపాతం ఉన్నవేవో లేనివేవో చెప్పమంటే దాదాపు సగమే సరిగా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. అందుకే అంకెల పరీక్ష కావాలి. 1997లో మథియాస్ ఎగ్గర్, జార్జ్ డేవీ స్మిత్ తదితరులు ఇచ్చిన పరీక్ష ఇప్పుడు అందరూ వాడేది. ఫలితం అధ్యయనం పరిమాణాన్ని బట్టి మారుతోందా అని అది చూస్తుంది. చిన్నవి ఒకటి చెబుతూ పెద్దవి మరొకటి చెబుతుంటే అందులో తేలే అంకె సున్నాకు దూరంగా జరుగుతుంది. తమ పద్ధతిని వాళ్లు పేరున్న వైద్య పత్రికల్లోని మెటా ఎనాలిసిస్‌లపై ప్రయోగిస్తే నూటికి 38 చోట్ల అసౌష్ఠవం బయటపడింది.

మెగ్నీషియం కథలోకి మళ్లీ వద్దాం. ఎగ్గర్, డేవీ స్మిత్ 1995లోనే ఆ పరీక్షలను గరాటు చిత్రంలో పెట్టి చూపించారు. చిన్న పరీక్షల చుక్కలు మేలు వైపే ఒరిగి ఉన్నాయి. వాటికి ఎదురుగా ఉండవలసిన చోట చుక్కలు లేవు. ఐసిస్-4 చుక్క అన్నిటికన్నా పైన, మేలూ కీడూ లేని గీత దగ్గర నిలిచింది.

ఇక్కడ మెటా ఎనాలిసిస్ చేసేవాళ్లు గుర్తుంచుకోవలసిన మెలిక ఒకటుంది. అధ్యయనాలను కూడటానికి రెండు పద్ధతులున్నాయి. అన్నీ ఒకే సత్యాన్ని కొలుస్తున్నాయని నమ్మితే పెద్దదానికి పూర్తి బరువు దక్కుతుంది. అధ్యయనానికీ అధ్యయనానికీ నిజమైన తేడా ఉందనుకుంటే బరువులు సర్దుకుని చిన్నవాటికి మాట పెరుగుతుంది. మెగ్నీషియం పరీక్షలన్నిటినీ ఐసిస్-4తో కలిపి మొదటి పద్ధతిలో కూడితే ప్రభావం దాదాపు శూన్యం. రెండో పద్ధతిలో కూడితే మందు మళ్లీ గొప్పగా పనిచేసినట్టు కనబడుతుంది. 58 వేల మంది చెప్పింది ఒకటీ, కొన్ని వందల మంది చొప్పున ఉన్న చిన్న పరీక్షలు చెప్పింది మరొకటీ అయినప్పుడు రెండో పద్ధతి చిన్నవాటి పక్షపాతాన్ని పెంచి చూపిస్తుంది. తేడాలున్నాయి కాబట్టి రెండో పద్ధతే జాగ్రత్తైనదని చాలామంది అనుకుంటారు. అసౌష్ఠవం ఉన్నచోట అది తప్పుదారి పట్టిస్తుంది.

ఇంతకీ ఖాళీ మూలకు కారణం ప్రచురణ పక్షపాతమేనా? ఈ ప్రశ్న దగ్గరే మెటా ఎనాలిసిస్ వ్యాసాల్లోని చర్చా భాగం చాలాసార్లు బోల్తా పడుతుంది. అసౌష్ఠవం కనబడగానే ప్రచురణ పక్షపాతం ఉందని రాసేస్తారు. చిత్రం చెప్పేది చిన్న అధ్యయనాలకూ పెద్దవాటికీ ఫలితంలో తేడా ఉందన్నంతవరకే. ఎందుకుందో చెప్పదు. చిన్న పరీక్షల్లో రోగులను రెండు గుంపులుగా విడదీసే పద్ధతి సరిగా లేకపోయి ఉండవచ్చు. ఎవరికి ఏ మందు వెళుతోందో డాక్టర్లకు ముందే తెలిసిపోయి ఉండవచ్చు. అవి కూడా ఫలితాన్ని మేలు వైపే తోస్తాయి. లేదా చిన్న పరీక్షల్లోని రోగులే వేరు కావచ్చు, నిజంగానే వాళ్లకు మందు పనిచేసి ఉండవచ్చు. ఏమీ లేకుండా ఉత్త యాదృచ్ఛికత కూడా కావచ్చు.

మెగ్నీషియం విషయంలో ఈ వాదన గట్టిగానే వచ్చింది. ఐసిస్-4లో మందు ఆలస్యంగా అందిందని, రక్తం గడ్డను కరిగించే మందు అప్పటికే పని మొదలుపెట్టాక మెగ్నీషియం ఇస్తే లాభం ఉండదని, అందులో చావు ముప్పు తక్కువున్న రోగులే ఎక్కువని కొందరన్నారు. కొట్టిపారేయదగిన మాట కాదది. గరాటు చిత్రం ఎంతసేపు చూసినా ఈ తగవు తీరదు. తీర్చింది మరో పరీక్షే. మ్యాజిక్ అనే పేరుతో 14 దేశాల్లో, ముప్పు ఎక్కువున్న 6213 మంది రోగులను ఎంచుకుని, మెగ్నీషియం తొందరగా అందేలా చూసి జరిపారు. 2002లో ఫలితం వచ్చింది. నెల రోజుల్లో మందు వైపు 15.3 శాతం, ఉత్తుత్తి మందు వైపు 15.2 శాతం మరణాలు. విమర్శకులు కోరిన షరతుల్లోనే పెట్టి చూసినా మేలు కనబడలేదు. గుండెపోటు వచ్చిన రోగులందరికీ మెగ్నీషియం ఎక్కించాలన్న ఆలోచన దానితో ముగిసింది.

1991 నాటి రచయితలకు న్యాయం చేయాలంటే ఒక సంగతి చెప్పాలి. తమ దగ్గరున్న రోగుల సంఖ్య పరిమితమనీ, ఈ ఫలితాన్ని నిలబెట్టడానికో కొట్టేయడానికో పెద్ద పరీక్షలు కావాలనీ వాళ్లు తమ వ్యాసంలోనే రాశారు. మొత్తం మరణాలు 78 మాత్రమే కదా. ఆ హెచ్చరిక పాఠకుల చెవికెక్కలేదు. సగానికి పైగా అన్న అంకె ఎక్కింది.

ఆ ఏడు పరీక్షలతోనే ఈ రోజు ఎవరైనా వ్యాసం రాస్తే గరాటు గురించి చర్చలో ఏం రాయాలి? మామూలుగా కనబడే వాక్యం ఇలా ఉంటుంది: “ఎగ్గర్ పరీక్షలో గణనీయమైన తేడా రాలేదు కాబట్టి ప్రచురణ పక్షపాతం లేదు.” ఇది తప్పు. పది కంటే తక్కువ అధ్యయనాలున్నప్పుడు ఈ పరీక్ష చేయవద్దన్నది 2011లో జోనథన్ స్టెర్న్ తదితరులు బీఎంజేలో ఇచ్చిన సలహా. కాక్రేన్ సంస్థ మార్గదర్శకాలూ అదే చెబుతాయి. ఏడు చుక్కలతో పరీక్ష పెడితే పక్షపాతం ఉన్నా పట్టుబడకపోవడమే ఎక్కువ. పట్టుబడలేదంటే లేదని అర్థం కాదు.

సరైన చర్చ మరోలా సాగుతుంది. మా దగ్గరున్నవి ఏడే పరీక్షలు, అన్నీ చిన్నవే, కాబట్టి గరాటు చిత్రం నుంచి ఏదీ తేల్చలేం అని ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఈ రంగంలో ఫలితం లేని చిన్న పరీక్ష అచ్చు కాకుండా ఉండిపోవడం ఎంత తేలికో చెప్పాలి. అలాంటివి ఓ మూడు నాలుగు ఉండి ఉంటే తమ అంకె ఎంత కదులుతుందో లెక్కగట్టి చూపాలి. ఆ కదలికతో తీర్మానం తారుమారయ్యేట్టయితే సారాంశంలోనూ ఆ మాట రావాలి. చాలా వ్యాసాల్లో ఈ నిజాయితీ చర్చా భాగం చివరి పేరాలో ఉంటుంది, సారాంశంలో మాత్రం ధీమా మిగులుతుంది. డాక్టర్లలో అత్యధికులు చదివేది సారాంశమే.

అధ్యయనాలు ఎక్కువగా ఉండి అసౌష్ఠవం నిజంగానే బయటపడితే, లేని చుక్కలను ఊహించి నింపే పద్ధతి ఒకటి వాడతారు. డువాల్, ట్వీడీ 2000లో ఇచ్చినది. గరాటుకు ఒక వైపు ఎక్కువైన చుక్కలకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి చుక్కలను రెండో వైపు చేర్చి, మళ్లీ సగటు తీస్తారు. ఆ సవరించిన అంకెను అసలు నిజంగా తీసుకోకూడదు. ఖాళీకి కారణం అచ్చు కాని అధ్యయనాలే అన్న ఊహ మీద అది నిలబడింది, ఆ ఊహ రుజువు కాలేదు. తీర్మానం ఎంత గట్టిదో ఊపి చూడటానికి మాత్రం పనికొస్తుంది. దానికన్నా నాకు నమ్మకం కలిగించేది సులువైన పని: ఉన్నవాటిలో పెద్ద, పద్ధతిగా జరిగిన పరీక్షలను మాత్రమే తీసుకుని అవి విడిగా ఏం చెబుతున్నాయో పక్కనే చూపించడం. మెగ్నీషియం విషయంలో ఆ ఒక్క పనితో కథ మొత్తం తెలిసిపోతుంది.

గణితంతో ఎంత తంటాలు పడినా సొరుగులో ఉన్నదాన్ని బయటికి తేలేం. అందుకు దారి, పరీక్ష మొదలవకముందే దాని పేరు బహిరంగంగా నమోదు చేయడం. మొదలైందని లోకానికి తెలిస్తే ఫలితం ఏదని అడగవచ్చు. పెద్ద వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి, ముందుగా నమోదు కాని పరీక్షల వ్యాసాలు తీసుకోబోమని షరతు పెట్టారు. భారతదేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే సీటీఆర్ఐ, 2007లో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి ఔషధ నియంత్రణ అధికారి పరిధిలోని పరీక్షలకు ముందస్తు నమోదు తప్పనిసరి అయింది. ఆ నమోదు పత్రంలో ఇది పీజీ థీసిసా కాదా అని అడిగే గడి కూడా ఉంది.

ఆ గడి మన రాష్ట్రాలకు బాగా సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి విద్యార్థీ థీసిస్ సమర్పించాలి. అందులో చాలా వరకు వంద మంది, నూట యాభై మంది రోగులపై చేసిన పనులే. అంటే గరాటు అడుగున ఉండవలసిన చుక్కలు. పరీక్ష పాసయ్యాక, తేడా ఏమీ రాని థీసిస్‌ను వ్యాసంగా మలిచే ఓపిక ఎవరికుంటుంది? గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్లు ఆ ఓపిక తెచ్చుకోవాలి. విద్యార్థి మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్ఐలో నమోదు చేయించాలి. ఫలితం ఏదైనా, తేడా లేదని తేలినా సరే, అచ్చుకో బహిరంగ భాండాగారానికో పంపించాలి. సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఏ మందు గురించైనా మెటా ఎనాలిసిస్ చదివిన పాఠకుడు అక్కడ ఆ మందు పేరు వెతికి, నమోదైన పరీక్షలు ఎన్నో, వ్యాసం కూడినవి ఎన్నో తనే పోల్చి చూసుకోవచ్చు.